క్రియ ఎక్కడుంది? సంక్షేప రామాయణంలో "అనుగతా", "సంగతః", "ఆవేదితం" తెలుగులో ఎలా రాయాలి

గోదారి_గట్టు
బాలకాండ మొదటి సర్గ, అదే నారదుడు వాల్మీకికి క్లుప్తంగా చెప్పిన రామకథ, వాడుక తెలుగులో వచనంగా రాస్తున్నాను. మా కాలనీలో ఆదివారం పిల్లలకి చదివి వినిపించడానికి. మాటల అర్థాలు తెలుస్తున్నాయి, క్రియల దగ్గరే చిక్కు. లక్ష్మణుడి దగ్గర "లక్ష్మణోఽనుజగామ హ" అని క్రియ తిన్నగా ఉంది. సీత దగ్గరికి వచ్చేసరికి ఇలా ఉంది:

జనకస్య కులే జాతా దేవమాయేవ నిర్మితా
సర్వలక్షణసంపన్నా నారీణాముత్తమా వధూః
సీతాప్యనుగతా రామం శశినం రోహిణీ యథా
పౌరైరనుగతో దూరం పిత్రా దశరథేన చ

జాతా, నిర్మితా, సంపన్నా, అనుగతా. నాలుగూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. వీటిలో క్రియ ఏది, విశేషణాలు ఏవి? పైగా మూడో పంక్తిలో "అనుగతా" అంటే సీత అనుసరించింది, నాలుగో దాంట్లో "అనుగతో" అంటే రాముడు అనుసరించబడ్డాడు అని నా దగ్గరున్న పాత పుస్తకంలో ఉంది. ఒకే మాట రెండు వైపులా ఎలా తిరుగుతుంది? ఆ పుస్తకంలో తాత్పర్యం "అనుసరించినదాయెను" అని ఉంది, అది పిల్లల ముందు చదవలేను.

పండితపుత్ర_కాకినాడ
ఇందులో చిక్కేం లేదండీ. "అనుగతా" లాంటి మాటల్లో ఉన్న క్త ప్రత్యయం కర్మణి ప్రయోగం. కర్త తృతీయలో ఉండాలి. "పౌరైః అనుగతః" సరిగ్గా అలాగే ఉంది. సీత ప్రథమలో ఉంది కాబట్టి "అనుగతా" క్రియ కాదు, విశేషణమే. పైన ఉన్న "జగామ" అన్న క్రియని కిందికి తెచ్చుకోవాలి. "అనుసరించినదై సీత కూడా వెళ్ళింది" అని రాసేయండి.

చందమామ_పాఠకురాలు
మరి "రామం" అన్న ద్వితీయని ఏం చేస్తారు? అనుగతా కర్మణి అయితే రాముడు అక్కడ ద్వితీయలో ఉండకూడదు కదా.

పండితపుత్ర_కాకినాడ
జగామకి కర్మ.

చందమామ_పాఠకురాలు
"రామం జగామ" అంటే సీత రాముడి దగ్గరికి వెళ్ళిందని అవుతుంది. ఆమె ఆయన వెనక వెళ్ళింది. "అను" లేకుండా ఆ అర్థం రాదు.

నిష్ఠ_నేర్చినవాడు
పాఠకురాలు గారు పట్టుకున్నది అసలు కీలకం. పండితపుత్ర గారు చెప్పిన నియమం నిజమే, కానీ సగమే. క్త మామూలుగా కర్మలోనూ భావంలోనూ వస్తుందని పాణిని 3.4.70లో చెప్పాడు. రెండు సూత్రాల తర్వాత, 3.4.72లో, వెళ్ళడం అనే అర్థమున్న ధాతువులకీ, కర్మ లేని ధాతువులకీ, ఇంకా శ్లిష్, శీఙ్, స్థా, ఆస్, వస్, జన్, రుహ్, జౄ అనే వాటికీ కర్త అర్థంలో కూడా క్త రావచ్చన్నాడు. "కూడా" అన్నదే ఇక్కడ ముఖ్యం. అంటే గమ్ ధాతువుకి రెండు దారులూ తెరిచే ఉన్నాయి. అందుకే ఒకే శ్లోకంలో సీతకి ఒకలా, రాముడికి ఒకలా వచ్చింది. ఏ దారిలో వచ్చిందో "అనుగత" అన్న రూపం చెప్పదు, పక్కన ఉన్న విభక్తి చెబుతుంది. పక్కన "రామం" అని ద్వితీయ ఉంటే ప్రథమలో ఉన్న సీతే నడిచింది. పక్కన "పౌరైః" అని తృతీయ ఉంటే నడిచింది పౌరులు, ప్రథమలో ఉన్నవాడు ముందు పోతున్నవాడు.

ఇక నాలుగింటిలో క్రియ ఏదీ అంటే, నేను చేసేది ఒక్కటే. ఒక్కో మాట మీద వేలు పెట్టి మూసి మిగతాది చదువుతాను. "జాతా" మూస్తే సీత వర్ణనలో ఒక ముక్క తగ్గుతుంది, వాక్యం నిలబడుతుంది. "నిర్మితా" అంతే. "సంపన్నా" సమాసం చివర అతుక్కుని ఉంది, అది ఎటూ వర్ణనే. "అనుగతా" మూసి చూడండి. సీత, రాముణ్ణి, చంద్రుణ్ణి రోహిణిలా... ఏం చేసింది? "రామం", "శశినం" రెండు ద్వితీయలు ఆధారం లేక గాలిలో వేలాడతాయి. కాబట్టి వాక్యాన్ని మోస్తున్నది అదే. "సీత కూడా, చంద్రుడి వెంట రోహిణిలా, రాముడి వెంట వెళ్ళింది." ఇందులో "ఆయెను" ఎక్కడా అక్కర్లేదు.

శిబిరం_సీత
నేను సంభాషణ సంస్కృతం క్లాసులకి వెళ్తున్నాను. మాకు భూతకాలానికి జగామ లాంటి లకార రూపాలు చెప్పలేదు, అన్నిటికీ గతవాన్, గతవతీ, పఠితవాన్, పఠితవతీ అనే చెప్పించారు. ఇప్పుడు రామాయణం తెరిస్తే ఎక్కడ చూసినా "గతః" అని ఉంది, "గతవాన్" చాలా తక్కువ. మాకు నేర్పింది పుస్తకాల్లో లేని భాషా?

నిష్ఠ_నేర్చినవాడు
ఉన్న భాషే. గీత నాలుగో అధ్యాయం మొదటి శ్లోకం చూడండి, "ఇమం వివస్వతే యోగం ప్రోక్తవానహమవ్యయం". అక్కడ కృష్ణుడు అస్మి కూడా పెట్టకుండా ప్రోక్తవాన్ ఒక్కదాన్నే క్రియగా వాడాడు. మూడో శ్లోకంలో అదే సంగతి తిరగేసి "మయా తేఽద్య యోగః ప్రోక్తః" అన్నాడు. గతః లో ఉన్న క్త, గతవాన్ లో ఉన్న క్తవతు, రెండిటినీ కలిపి నిష్ఠ అంటారు. చెప్పడం లాంటి సకర్మక ధాతువుకి కర్త వైపు నుంచి చెప్పాలంటే క్తవతు కావాలి, అందుకే ప్రోక్తవాన్. గమ్ లాంటి వాటికి క్తయే ఆ పని చేసేస్తుంది కాబట్టి గతః సరిపోతుంది. మీకు క్లాసులో తేలిగ్గా ఉండాలని అన్నిటికీ ఒకే అచ్చు ఇచ్చారు, అంతే.

వనవాసి_88
నాకూ ఇదే సమస్య. "గత్వా", "తీర్త్వా", "కృత్వా" వరసగా వస్తే అన్నిటికీ "వెళ్ళి, దాటి, చేసి" అని రాస్తూ పోతే వాక్యం అరపేజీ అవుతోంది. "తే వనేన వనం గత్వా నదీస్తీర్త్వా బహూదకాః", ఆ తర్వాత మళ్ళీ అనుప్రాప్య, మళ్ళీ కృత్వా. ఎక్కడ ఆపాలి?

చందమామ_పాఠకురాలు
అది వేరే సంగతి వనవాసి గారూ. క్త్వా, ల్యప్ అవ్యయాలు, లింగ వచనాలు ఉండవు, వాక్యాన్ని అవి ముగించలేవు. వాటికోసం తెలుగులో "వెళ్ళి, దాటి" అచ్చుగుద్దినట్టు ఉండనే ఉన్నాయి, మనం అదృష్టవంతులం. ఆ శ్లోకాల్లో ఆఖరి క్రియ "న్యవసన్". "సుఖంగా ఉన్నారు" దాకా వెళ్ళి ఆగొచ్చు, మధ్యలో ఒకసారి "చిత్రకూటం చేరారు" అని కోసినా తప్పు లేదు. ఇక్కడ మాట్లాడేది లింగం ఉన్న గతః, గతా, గతం గురించి.

లఘువు_గురువు
అందరూ అర్థాల వెంట పడ్డారు కానీ కారణం ఛందస్సు. అనుష్టుప్పులో బేసి పాదానికి ఐదో అక్షరం లఘువు, ఆరు ఏడు గురువులు. సరి పాదానికి ఏడోది లఘువు. "లక్ష్మణోఽనుజగామ హ" సరి పాదం, "జగామ హ" అక్కడ చక్కగా దిగుతుంది. "సీతాప్యనుగతా రామం" బేసి పాదం, అక్కడ "గతా రామం" దిగింది. కవి ఖాళీకి సరిపడే రూపం వేశాడు. రెండిటికీ భేదం వెతకొద్దు, రెండిటికీ "వెంట వెళ్ళాడు, వెంట వెళ్ళింది" చాలు.

నిష్ఠ_నేర్చినవాడు
అనువాదం వరకు మీ మాటే నా మాట. కారణం మాత్రం అంత గట్టిగా చెప్పలేం. "సీతాప్యనుజగామైనం" అని చూడండి. ఐదోది జ లఘువు, ఆరు గా, ఏడు మై, రెండూ గురువులే. పాదం నిండింది, గణం కుదిరింది. "రామం" స్థానంలో "ఏనం" వచ్చింది, అంతే తేడా. అంటే ఛందస్సు బలవంతం చేయలేదు, వీలు కల్పించింది.

లఘువు_గురువు
ఏనం వేస్తే పక్కనే ఉన్న "శశినం"కి జోడీగా రాముడి పేరు ఉండదు. రోహిణి చంద్రుడు, సీత రాముడు, నాలుగు పేర్లూ శ్లోకంలో కనబడాలి. పేరు నిలబెట్టుకోవాలంటే అనుగతా కావాలి. కాబట్టి మళ్ళీ ఛందస్సే.

చందమామ_పాఠకురాలు
అది ఛందస్సా, ఉపమా? :)

డాలస్_అమ్మమ్మ
మా మనవడికి ఆన్‌లైన్‌లో గీత చెప్తున్నాను. "నష్టో మోహః స్మృతిర్లబ్ధా" దగ్గర వాడు "మోహం నష్టపోయింది" అని రాశాడు. షేర్ మార్కెట్ అనుకున్నాడు కాబోలు. అక్కడ "నష్టః", "లబ్ధా" కూడా మీరు చెప్పే జాతివేనా? అలా అయితే పక్కనే "స్థితోఽస్మి" అని అస్మి ఎందుకు పెట్టారు, ఆ రెండిటికీ ఎందుకు పెట్టలేదు?

నిష్ఠ_నేర్చినవాడు
ఆ జాతివే అమ్మా. అస్మి ఎందుకంటే, "స్థితః" అన్న రూపంలో లింగం, వచనం ఉన్నాయి కానీ పురుష లేదు. నేనో నువ్వో వాడో తెలియదు. ప్రథమ పురుషలో "అస్తి" పైకి అనకపోయినా ఉన్నట్టే లెక్క అని వార్తికకారుడే చెప్పాడు, మోహానికీ స్మృతికీ అందుకే అక్కర్లేదు. "నేను" అన్నది తెలియాలంటే అస్మి గానీ, ప్రోక్తవాన్ పక్కన ఉన్నట్టు "అహం" గానీ ఉండాలి. మనవడికి "మోహం పోయింది, జ్ఞాపకం తిరిగొచ్చింది, సందేహం తీరి నిలబడి ఉన్నాను" అని చెప్పండి. "పోయింది" అన్న తెలుగు మాటలో జరిగిపోవడమూ ఉంది, ఇప్పుడు లేకపోవడమూ ఉంది, ఆ నష్టః అన్నదానికి రెండూ కావాలి. అస్మి ఉన్నచోట మాత్రం "ఉన్నాను" వదలకూడదు.

పండితపుత్ర_కాకినాడ
అంటే క్త వచ్చిన ప్రతిచోటా ఫలితం ఇప్పటిదాకా నిలిచి ఉందని అర్థం అన్నమాట. అప్పుడు "అనుగతా" కూడా "వెంట వెళ్ళి ఉంది" అనాలి కదా. అనుజగామకీ దీనికీ తేడా తేలిపోయింది.

నిష్ఠ_నేర్చినవాడు
గీతలో అర్జునుడు తన ఎదురుగా ఉన్నవాడితో ఇప్పటి సంగతి చెప్తున్నాడు, కాబట్టి ఆ అర్థం వచ్చింది. నారదుడు కథ చెప్తున్నాడు. కథలో "లక్ష్మణుడు వెంట వెళ్ళాడు, సీత వెంట వెళ్ళి ఉంది" అంటే ఆమె ముందే వెళ్ళి అక్కడ ఎదురుచూస్తున్నట్టు వినబడుతుంది. ప్రత్యయం ఒక్కటే చూసి "ఉంది" అతికిస్తే కథ వరస చెడుతుంది.

గోదారి_గట్టు
సీత సంగతి తేలింది, అందరికీ థాంక్స్. పంపా తీరం దగ్గర ఇంకో గుంపు ఉంది, అది మొదటిదానికంటే టెన్షన్ పెడుతోంది.

పంపాతీరే హనుమతా సంగతో వానరేణ హ
హనుమద్వచనాచ్చైవ సుగ్రీవేణ సమాగతః

ఇక్కడ "హనుమతా", "సుగ్రీవేణ" తృతీయలు. పౌరైః లాగే. అయితే "హనుమంతుడిచేత కలవబడ్డాడు" అనేనా? కొంచెం కిందికి వెళ్తే

తతో వానరరాజేన వైరానుకథనం ప్రతి
రామాయావేదితం సర్వం ప్రణయాద్దుఃఖితేన చ
ప్రతిజ్ఞాతం చ రామేణ తదా వాలివధం ప్రతి

ఇక్కడా తృతీయలే. నేను "వానరరాజుచేత రాముడికి సర్వం నివేదించబడింది, రామునిచేత వాలివధ ప్రతిజ్ఞ చేయబడింది" అని రాసి పెట్టుకున్నాను, చదువుతుంటే ఆఫీసు సర్క్యులర్‌లా ఉంది.

వనవాసి_88
"రామునిచేత ప్రతిజ్ఞ చేయబడినది. ఇందుమూలముగా యావన్మంది వానరులకు తెలియజేయడమేమనగా" :)

చందమామ_పాఠకురాలు
మొదటి రెండు పంక్తుల్లో తృతీయ "చేత" కాదు, "తో". కలవడం ఇద్దరూ కలిసి చేసే పని. సంగమ్, సమాగమ్ రెండూ ఎవరితో అన్నది తృతీయలో తీసుకుంటాయి. రాముడే కర్త. "పంపా ఒడ్డున హనుమంతుణ్ణి కలిశాడు, హనుమంతుడి మాట మీద సుగ్రీవుడితో చేరాడు." తృతీయ కనబడగానే కర్మణి అనుకుంటే ఇక్కడ బోల్తా పడతాం.

నిష్ఠ_నేర్చినవాడు
అవును. ఇంకొకటి గమనించండి, ఆ శ్లోకం మొత్తంలో లకార క్రియ ఒక్కటీ లేదు. సంగతః, సమాగతః అన్నవే రెండు వాక్యాల్ని ముగిస్తున్నాయి. అక్కడ ఉన్న "హ" పాదపూరణమే గానీ, లక్ష్మణుడి దగ్గర "అనుజగామ హ" అని ఎక్కడ వాక్యం ఆగిందో ఇక్కడా అలాగే ఆగింది. దాన్ని రుజువు అనను, ఊతం అంటాను.

ఆవేదితం, ప్రతిజ్ఞాతం మాత్రం నిజంగా కర్మణి, భావే ప్రయోగాలే. వాటిని తెలుగులో కర్తరిలోకి తిప్పేయండి. తెలుగులో "బడు" ఉంది గానీ కథ చెప్పేటప్పుడు ఎవరూ వాడరు. సంస్కృతంలో అది కథ చెప్పే మామూలు తీరు, వినేవాడికి ఎబ్బెట్టు లేదు. మామూలు వాక్యాన్ని ఎబ్బెట్టు వాక్యంగా మార్చడం నమ్మకమైన అనువాదం కాదు.

సూరి_మాస్టారు
నేను ముప్పై ఏళ్ళకు పైగా సంస్కృతం చెప్పినవాణ్ణి, ఇంత తేలిగ్గా "బడు"ని తీసిపారేయడం నాకు నచ్చదు. ప్రతిపదార్థంలో "ఆవేదితం = నివేదింపబడినది" అనే రాయాలి. లేకపోతే పిల్లవాడు వానరరాజేన తృతీయ ఎందుకో, సర్వం ప్రథమ ఎందుకో ఎన్నటికీ నేర్చుకోడు. పాత పుస్తకాల్లో ఆ భాష ఊరికే రాలేదు. అది శ్లోకం ఎముకలు చూపించే భాష.

చందమామ_పాఠకురాలు
మాస్టారూ, ప్రతిపదార్థం దగ్గర మీతో ఎవరికీ పేచీ లేదు. ఆ భాషే తాత్పర్యంలోకి కూడా దిగిపోవడమే పేచీ. గోదారి గట్టు గారు పిల్లలకి కథ చదువుతున్నారు, వ్యాకరణం కాదు.

సూరి_మాస్టారు
తాత్పర్యంలో తిప్పితే ఒకటి పోతుందమ్మా. "రామాయ ఆవేదితం సర్వం" అన్నప్పుడు "సర్వం" అన్నది వాక్యానికి పెద్ద. సుగ్రీవుడు ఏదీ దాచలేదని అక్కడ చెప్పడం. "సుగ్రీవుడు రాముడికి అంతా చెప్పాడు" అంటే సుగ్రీవుడు పెద్దయి కూర్చున్నాడు, సర్వం వెనక్కి పోయింది.

నిష్ఠ_నేర్చినవాడు
మాస్టారు చెప్పింది నిజం, దాన్ని పోగొట్టుకోకూడదు. కానీ దానికి బడు అక్కర్లేదు, మాటల వరస చాలు. మన క్రియలో పురుష, లింగం, వచనం తెలుస్తాయి కాబట్టి కర్తని వెనక్కి నెట్టినా వాక్యం చెదరదు. "తన వైరం కథ అంతా, ఏదీ దాచకుండా, రాముడికి చెప్పుకున్నాడు సుగ్రీవుడు, స్నేహం కొద్దీ, బాధ కొద్దీ." ఇందులో "చెప్పాడు" కాక "చెప్పుకున్నాడు" ఎందుకంటే ప్రణయాత్, దుఃఖితేన అని రెండున్నాయి, ఆ బరువంతా ఆ "కొను" మోస్తుంది. తర్వాతది "వాలిని చంపుతానని రాముడు అప్పుడు మాట ఇచ్చాడు."

సూరి_మాస్టారు
"ఏదీ దాచకుండా" మూలంలో లేదు. మిగతాది బాగుంది.

నిష్ఠ_నేర్చినవాడు
తీసేయొచ్చు. "అంతా" ఒక్కటే ముందుకు తెస్తే చాలు.

శిబిరం_సీత
నాకు ఒకటి తోచింది. జగామ అంటే ఆడో మగో తెలియదు. గతః, గతా అంటే తెలుస్తుంది. తెలుగులో వెళ్ళాడు, వెళ్ళింది అని తెలుస్తుంది. అంటే తెలుగు భూతకాలం లకారం కంటే క్తకే దగ్గరగా ఉంది. మా అమ్మమ్మ వాళ్ళూళ్ళో ఇప్పటికీ "వచ్చినాడు" అంటారు. అది "వచ్చిన వాడు" కాదా?

పండితపుత్ర_కాకినాడ
అయితే మనం సంస్కృతం నుంచే తీసుకున్నాం.

చందమామ_పాఠకురాలు
పోలిక ఉన్నంత మాత్రాన అప్పు తీసుకున్నట్టు కాదు. "వచ్చినాడు" కట్టుబడి అచ్చంగా తెలుగుది. కానీ సీత గారి గమనిక అనువాదానికి పనికొస్తుంది. గతా అన్నదాన్ని "వెళ్ళినదాయెను" అనడం అనవసరం, ఆ విశేషణపు వాసన "వెళ్ళింది"లోనే కలిసిపోయి ఉంది.

డాలస్_అమ్మమ్మ
ఆ శ్లోకాల తర్వాత "సుగ్రీవః శంకితశ్చాసీన్నిత్యం వీర్యేణ రాఘవే" అని వస్తుంది. ఇక్కడ ఆసీత్ ఉంది. మోహానికి లేని సహాయం ఇక్కడ ఎందుకొచ్చింది? ఇది ప్రథమ పురుషే కదా.

నిష్ఠ_నేర్చినవాడు
చాలా మంచి చోటు పట్టుకున్నారు. ఆసీత్ లేకుండా "శంకితః" ఒక్కటే ఉంటే "అనుమానపడ్డాడు" అని ఒక్కసారి జరిగిన పనిగా చదువుకోవచ్చు. ఆసీత్, పక్కన నిత్యం, రెండూ కలిసి అది అప్పట్లో ఎడతెగకుండా ఉన్న స్థితి అంటున్నాయి. "రాముడి బలం మీద సుగ్రీవుడికి ఎప్పుడూ అనుమానంగానే ఉండేది." ఇక్కడ "అనుమానించాడు" అని రాస్తే తప్పు. కాబట్టి లకారం లేని సంగతః, ఆవేదితం అన్నవాటికి మామూలు భూతకాలం, ఆసీత్ ఉన్నదానికి "ఉండేది, ఉండేవాడు". ఈ సర్గ వరకు ఈ లెక్క చెల్లుతుంది, అన్ని పుస్తకాలకీ చెల్లుతుందని అనను.

గోదారి_గట్టు
అయితే మొదటి గుంపులో ఒకటి మిగిలింది. "పౌరైరనుగతో దూరం పిత్రా దశరథేన చ" తర్వాత పాదాలు "శృంగిబేరపురే సూతం గంగాకూలే వ్యసర్జయత్". వ్యసర్జయత్ అని లకార క్రియ ఉంది కాబట్టి వేలు పెట్టి మూసే లెక్క ప్రకారం అనుగతః విశేషణం. "పౌరులూ తండ్రీ చాలా దూరం వెంట రాగా, శృంగిబేరపురంలో గంగ ఒడ్డున సారథిని పంపేశాడు" అని రాశాను.

సూరి_మాస్టారు
వ్యాకరణం ప్రకారం సరే. కథ ప్రకారం తప్పు. అయోధ్యకాండ చూడండి. దశరథుడు కొంతదూరమే వచ్చాడు, తిరిగి రావాలనుకునేవాడి వెంట చాలా దూరం వెళ్ళకూడదని మంత్రులు ఆపేశారు. పౌరులు తమసా తీరం దాకా వచ్చి అక్కడ నిద్రపోయారు, వాళ్ళు లేవకముందే రాముడు వెళ్ళిపోయాడు. గంగ ఒడ్డున సుమంత్రుణ్ణి పంపినప్పుడు వీళ్ళెవరూ అక్కడ లేరు. మీ వాక్యం వింటే అందరూ గంగ దాకా వచ్చారనిపిస్తుంది.

వనవాసి_88
పాపం, నిద్రపోయిన జనాన్ని లేపి గంగ దాకా నడిపించేశారు.

చందమామ_పాఠకురాలు
అందుకే అనుగతః దగ్గర వాక్యం ఆపేయాలి అంటాను. "పౌరులూ తండ్రి దశరథుడూ చాలా దూరం వెంట వచ్చారు." చుక్క. తర్వాత "శృంగిబేరపురంలో గంగ ఒడ్డున సారథిని పంపేశాడు." పై పాదంలో అనుగతా క్రియ అయినప్పుడు ఈ పాదంలో అనుగతః కూడా క్రియ అయితే తప్పేముంది, జంటగా కూడా ఉంటుంది.

నిష్ఠ_నేర్చినవాడు
నేను దాన్ని విశేషణంగానే ఉంచుతాను. సీతా అని ప్రథమ ఒకటి ఇప్పుడే అయిపోయింది, అనుగతః పుంలింగం, "రాముడు" అన్న పేరు ఈ పాదంలో లేదు. వ్యసర్జయత్ కర్తకి తగిలితేనే అది ఎవరిదో తెలుస్తుంది. కథలో చిక్కుని కాలంతో తీర్చొచ్చు. "పౌరులూ తండ్రీ చాలా దూరం వచ్చి సాగనంపాక, రాముడు శృంగిబేరపురం చేరి..."

చందమామ_పాఠకురాలు
"సాగనంపాక" అంటే వాళ్ళు ఇష్టపడి వెనక్కి మళ్ళినట్టు ఉంది. పౌరులు మళ్ళలేదు, వాళ్ళని వదిలేసి వెళ్ళాడు. పైగా "చేరి" మీరు కలిపారు. పేరు లేదనే అభ్యంతరం కూడా నాకు ఆనదు, పంపాతీరం శ్లోకంలో సంగతః దగ్గర కూడా రాముడి పేరు లేదు, అక్కడ క్రియ అని మీరే అన్నారు.

నిష్ఠ_నేర్చినవాడు
అక్కడ ఆ శ్లోకంలో తగిలించుకోవడానికి ఇంకో లకార క్రియ లేదు. ఇక్కడ ఉంది.

సూరి_మాస్టారు
నా ఓటు పాఠకురాలికి. వాక్యాన్ని విడదీయండి.

లఘువు_గురువు
నా ఓటు నిష్ఠ గారికి. అర శ్లోకం దగ్గర ఆపడం నాకు వినసొంపుగా లేదు.

గోదారి_గట్టు
ఈ ఆదివారానికి విడదీసిన వాక్యమే చదువుతాను, పిల్లలు గంగ ఒడ్డున జనాన్ని ఊహించుకోకూడదు. రాసిపెట్టుకునే ప్రతిలో రెండూ పక్కపక్కన ఉంచుతాను. కబంధుడి దగ్గర "తం నిహత్య మహాబాహుర్దదాహ" అని దదాహ ఉంది, అక్కడ ఇబ్బంది లేదు. వాలివధ తర్వాత శ్లోకాలు రేపు పెడతాను.